పాయింట్ తర్వాత అంకె

వదిన స్మార్ట్ స్కేల్ కొన్నప్పటి నుంచి ఇంట్లో పొద్దున్నే ఒకటే మాట, ఈరోజు ఎంత వచ్చింది అని. సోమవారం 68.4, మంగళవారం 68.9. అర కేజీ పెరిగిపోయానని ఆ రోజు టిఫిన్ కూడా తినలేదు, ముందు రాత్రి ఆవకాయ అన్నం తిన్నందుకే అని ఏడుపు మొహం పెట్టింది పాపం.

నాకు చూడబుద్ధి కాలేదు. వదినా ఒకసారి ఇటు రా అని చెప్పి, సీలు తీయని 20 లీటర్ల వాటర్ క్యాన్ తెచ్చి స్కేల్ మీద పెట్టా. 20.6. తీసి మళ్ళీ పెట్టా, 20.8. ఇంకోసారి, 20.5. క్యాన్ ఏమీ తినలేదు కదా వదినా అన్నా.

తను చాలాసేపు ఆ క్యాన్ వైపే చూసింది. "అంటే పాయింట్ తర్వాత అంకె అబద్ధమా?"

అబద్ధం కాదు, ఊగుతుంది అంతే, నిలబడే చోటు మారినా, కింద టైల్ ఎగుడుదిగుడుగా ఉన్నా మారుతుంది. పైగా ఒంట్లో నీళ్ళు వేరే, అర లీటరు నీళ్ళు తాగితే అర కేజీ అక్కడే పెరుగుతుంది, ఉప్పు ఎక్కువ తింటే ఒళ్ళు నీళ్ళు పట్టుకుంటుంది, అది కొవ్వు కాదు.

ఇప్పుడు రోజూ ఒకే టైమ్‌కి, ఒకే టైల్ మీద చూసి క్యాలెండర్‌లో రాస్తోంది, ఆదివారం ఏడూ కలిపి సగటు తీస్తుంది. మొదటి వారం 68.5, నాలుగో వారం 67.6.

నిన్న పొద్దున 68.1 చూపించింది. రాసుకుని, ఇడ్లీలు పెట్టుకుని కూర్చుంది.