సవరణ: వంశధార తీర గ్రామాల్లో ఐరన్ మాత్రల అధ్యయనం, మూడో పట్టికలోని పీ-వాల్యూ, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక 2023 డిసెంబర్ సంచికలో వచ్చిన మా వ్యాసంలో ప్రధాన ఫలితానికి ఇచ్చిన పీ-వాల్యూ, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ రెండూ తప్పు. ఈ సవరణను వచ్చే సంచికలో అచ్చు వేసి, ఆన్‌లైన్ పీడీఎఫ్‌కు మొదటి పేజీలోనే జత చేయమని కోరుతున్నాం.

అచ్చయింది: మాత్ర ఎదురుగా మింగించిన ఊళ్లకూ, చేతికిచ్చిన ఊళ్లకూ మధ్య అమ్మాయిల హిమోగ్లోబిన్ పెరుగుదలలో తేడా డెసిలీటరుకు 0.38 గ్రాములు, ఇంటర్వెల్ 0.11 నుంచి 0.65, పీ = 0.006.

ఉండాల్సింది: తేడా అదే 0.38, ఇంటర్వెల్ −0.02 నుంచి 0.78, పీ = 0.06.

చూడగానే ఒక సున్నా ఎక్కువ పడిందనిపిస్తుంది కానీ ఇది టైపింగ్ పొరపాటు కాదు, లెక్క కట్టిన పద్ధతే వేరు. గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి చుట్టుపక్కల 24 గ్రామాలు తీసుకుని, ఏ ఊరు ఏ గుంపులోకి వెళ్లాలో చీటీలు తీసి నిర్ణయించాం: 12 ఊళ్లలో కార్యకర్త వారానికోసారి ఇంటికి వెళ్లి మాత్ర ఎదురుగా మింగించింది, మిగతా 12 ఊళ్లలో ఎప్పటిలాగే మాత్రలు చేతికిచ్చారు. ఊరికి 20 మంది చొప్పున మొత్తం 480 మంది అమ్మాయిలు. అంటే చీటీ పడింది ఊరికి, అమ్మాయికి కాదు. ఒకే ఊళ్లో పిల్లలు తాగే నీళ్లు, తినే తిండి, కాళ్లకు చెప్పుల్లేకుండా తిరిగే నేల, దాంతో పట్టే నులిపురుగులు, చివరికి మాత్రలిచ్చే కార్యకర్త కూడా ఒకటే కాబట్టి వాళ్ల రక్తం ఫలితాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, వాళ్లను 480 మంది విడివిడి మనుషులుగా లెక్కిస్తే మన దగ్గర ఉన్నదానికంటే ఎక్కువ సమాచారం ఉన్నట్టు అవుతుంది.

పద్ధతుల విభాగంలో ఊళ్ల సగటుల మీద పరీక్ష చేస్తామని సరిగ్గానే రాశాం. మూడో పట్టికలోకి మాత్రం మొదట్లో డేటా చూసుకోవడానికి నడిపిన కోడ్ ఫలితం వెళ్లింది.

```r
# అచ్చయిన ఫలితం ఇచ్చింది
t.test(hb_change ~ arm, data = girls, var.equal = TRUE)
# వాడాల్సింది: ఊరికి ఒక సగటు, 24 వరుసలు
t.test(hb_change ~ arm, data = villages, var.equal = TRUE)
```

దీన్ని పట్టుకున్నది ఒక పాఠకురాలు. రెండో పట్టికలో ఊరి లోపలి పోలికను చూపే ఐసీసీ 0.05 అని మేమే ఇచ్చాం. ఊరికి 20 మంది ఉంటే డిజైన్ ఎఫెక్ట్ 1 + (20 − 1) × 0.05 = 1.95 అవుతుంది, అలాంటప్పుడు ఇంటర్వెల్ అంత ఇరుకుగా ఎలా ఉందని ఆమె అడిగారు. ఆ ప్రశ్న నూటికి నూరు పాళ్లు సరైనది. 480ని 1.95తో భాగిస్తే దాదాపు 246, అంటే మన 480 మంది విడివిడిగా ఎంచుకున్న 246 మందితో సమానం. స్టాండర్డ్ ఎర్రర్ 0.137 నుంచి 0.191కి పెరిగింది, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 478 నుంచి 22కి తగ్గింది. ప్రతి ఊళ్లోనూ సరిగ్గా 20 మందే ఉన్నారు కాబట్టి 0.38 అనే తేడా మాత్రం కదల్లేదు.

దీనివల్ల మారాల్సిన మాటలు కూడా ఉన్నాయి. సారాంశంలో, ముగింపులో “ఎదురుగా మింగిస్తే హిమోగ్లోబిన్ గణనీయంగా పెరిగింది” అన్న వాక్యం తీసేసి, “ఎదురుగా మింగించిన ఊళ్లలో సగటు పెరుగుదల 0.38 ఎక్కువగా కనిపించింది, అయితే తేడా ఏమీ లేకపోవడానికీ 0.78 వరకు ఉండడానికీ ఈ డేటాలో చోటుంది” అని చదువుకోవాలి. చర్చలో “ఈ పద్ధతిని మిగతా బ్లాకులకు వెంటనే విస్తరించాలి” అన్న సిఫారసును పూర్తిగా వెనక్కి తీసుకుంటున్నాం, 24 ఊళ్ల డేటా అంత బరువు మోయలేదు. అలాగని ఇంటింటికీ తిరగడం దండగ అని ఎవరూ అనుకోవద్దు, పీ 0.06 అయినంత మాత్రాన ఫలితం లేదని తేలినట్టు కాదు. ఎండలో తిరిగిన కార్యకర్తల పని విలువను ఈ సంఖ్య తగ్గించదు, ఇంకా ఎక్కువ ఊళ్లతో చూడాలనే చెబుతోంది.

మిగతా పట్టికలన్నీ మొదటి డేటా నుంచి మళ్లీ నడిపి చూశాం. రక్తహీనత ఉన్నవారి శాతం, మాత్రలు మానేసినవారి లెక్క మొదటి నుంచీ ఊరిని పరిగణించే మోడల్‌తోనే చేశాం, వాటిలో మార్పు లేదు.

ఎవరైనా ఈ ఫలితాన్ని ఇతర అధ్యయనాలతో కలిపి మెటా-అనాలిసిస్‌లో వాడి ఉంటే 0.137 బదులు 0.191 పెట్టి మళ్లీ లెక్కించాలి, లేకపోతే మా అధ్యయనానికి దాదాపు రెట్టింపు బరువు పడుతుంది. పాల్గొన్న ఊళ్లలో ఫలితాన్ని తెలుగులోనూ ఒడియాలోనూ చదివి వినిపించాం కాబట్టి, సరిచేసిన కాగితాన్ని రెండు భాషల్లోనూ అంగన్‌వాడీలకు పంపిస్తున్నాం. డేటా, కోడ్ కావాలన్నవారికి ఇస్తాం.

లెక్క అడిగిన పాఠకురాలికి కృతజ్ఞతలు.

వ్యాస రచయితలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా