రెండు కాదు, ఏడు

రాత్రి రెండు దాటినా, ఆ ఉదయమే హెర్నియా ఆపరేషన్ జరిగిన పెద్దాయన కళ్లు మూయలేదు. విశాఖ చేపల రేవులో మరబోటు సరంగుగా ఆయన జీవితం గడిచింది.

"నిద్ర పట్టడం లేదా తాతా?" అని రక్తపోటు చూడటానికి వచ్చిన జూనియర్ నర్సు మెల్లగా అడిగింది.

"వేటలో రాత్రులు మేలుకోవడం అలవాటమ్మా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధమున్న రోజుల్లోనూ ఇంతే."

అది అబద్ధం కాకపోయినా పూర్తి కారణం కాదని, దుప్పటిని బిగించి పట్టుకున్న ఆయన పిడికిలీ, వేగంగా కొట్టుకుంటున్న నాడీ ఆమెకు చెప్పాయి.

"నేనొక నిజం చెబుతాను, మీరూ ఒకటి చెప్పండి. పాడేరులో ఉన్న మా అమ్మతో నాది పగటి డ్యూటీయే అన్నాను. రాత్రి వార్డులో ఒంటరిగా ఉంటానని తెలిస్తే ఆమె అన్నం ముట్టదు."

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు.

"2014లో హుద్‌హుద్‌కు బోటు మునిగినప్పుడు కూడా ఇంట్లోవాళ్ల ముందు నేను ఏడవలేదు. సాయంత్రం నొప్పి పదికి ఎంతని నువ్వు అడిగినప్పుడు మావాడు పక్కనే ఉన్నాడు, అందుకే రెండన్నాను. నిజానికి ఏడు."

నొప్పిని దాచుకోవడమే మగతనమని నమ్మిన తరం అది. ఆ నమ్మకం వల్ల ఎందరికో మందు ఆలస్యంగా అందుతుంది. ఆమె కేసు షీటులో సమయంతో సహా ఏడు అని రాసి, డ్యూటీ డాక్టరుకు ఫోను చేసి, ఆయన చెప్పిన ఇంజెక్షన్ ఇచ్చింది.

"రేపు మీ అమ్మకు నిజం చెప్పమ్మా," అన్నాడాయన.

"ముందు మీరు మీ అబ్బాయికి చెప్పండి తాతా, ఆ తర్వాత నేను చెబుతాను."