పెదనాన్నగారి వీడ్కోలు సభలో నా మాటలు: మధ్యాహ్నానికి ఒకటి, రాత్రి మేడ మీదకు ఒకటి

అక్కా,

నువ్వు చెప్పినట్లే మొదటి ప్రతిని గడియారం ఎదురుగా పెట్టుకొని పైకి చదివాను. పద్నాలుగు నిమిషాలు పట్టింది. భోజనాలకు ముందు అంతసేపు మాట్లాడితే నానమ్మకు మందు వేళ దాటిపోతుంది, పిల్లల చేతుల్లోకి ఫోన్లు వచ్చేస్తాయి. అందుకని మధ్యాహ్నం పందిట్లో చదివేదాన్ని ఏడు నిమిషాలకు కుదించి, రాత్రి మేడ మీద మన వాళ్ల కోసం రెండు నిమిషాలది విడిగా రాశాను. రెండూ కింద ఉన్నాయి.

పెదనాన్న చాటుగా పూతరేకులు తినడం గురించిన హాస్యం రెండింటిలోనూ తీసేశాను. మనకు అది నవ్వులాటే గాని, ఆయనకు షుగర్ ఎంత ఉందో నానమ్మకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ప్రమోషన్ వదులుకున్న సంగతిని మొదట వెటకారంగా రాశాను. చదివాక నాకే సిగ్గు వేసింది, దాన్ని ఉన్నదున్నట్లు మార్చాను. పుష్కరాల పేరాలో ఒక్క నవ్వు కూడా ఉంచలేదు. మొదటి రోజు ఘాట్‌లో జరిగింది ఆ సభలో చాలామందికి గుర్తుంటుంది. నీ పెళ్లి సంగతి మాత్రం ఉంచాను. అందులో నవ్వులపాలయ్యేది నేను కాబట్టి నీ అనుమతి అక్కర్లేదనుకుంటున్నాను.

మధ్యాహ్నం, పందిట్లో

నానమ్మకు, పెదనాన్నగారికి, పెద్దమ్మకు, వేదిక ముందున్న అత్తయ్యలకు, మామయ్యలకు, బాబాయిలకు, పిన్నులకు నమస్కారాలు. వెనుక వరుసలో కూర్చున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, వాళ్ల పిల్లలకు ఆశీస్సులు. ఆశీర్వదించే వయసు నాకు ఇంకా రాలేదని అమ్మ కళ్లతోనే చెబుతోంది గనుక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పెదనాన్నగారు 1988లో దక్షిణ మధ్య రైల్వేలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా చేరి, సామర్లకోటలోనూ, ద్వారపూడిలోనూ, చివరికి ఈ రాజమండ్రిలోనూ ముప్పై ఏడేళ్లు పనిచేసి, గత నెలాఖరున పదవీ విరమణ చేశారు. వచ్చే వారం ఈ క్వార్టర్స్ ఖాళీ చేసి, పెద్దమ్మతో కలిసి అక్క దగ్గరికి బెంగళూరు వెళ్తున్నారు. ఆయన ఉద్యోగం గురించి మొన్న ఆఫీసులో జరిగిన సభలో వాళ్ల పెద్దలు చెప్పారు. ఆ ఉద్యోగం మన ఇంట్లోకి ఎలా నడిచి వచ్చిందో చెప్పడం నా వంతు.

స్టేషన్ మాస్టరు పక్క స్టేషన్ వారికి లైన్ క్లియర్ ఇచ్చేటప్పుడు మాట ఒక్కటే సరిపోదు. తన దగ్గరున్న పట్టికలోంచి ఒక ప్రైవేట్ నంబరు చెప్పాలి, అవతలివారు దాన్ని తిరిగి చదవాలి, ఇద్దరూ రాసుకోవాలి. మాట తప్పడానికి వీలులేని ఏర్పాటు అది. ఈ పద్ధతి మన ఇంట్లో కూరగాయల సంచీ దాకా వచ్చింది. పెద్దమ్మ "అరకిలో దొండకాయలు, పావుకిలో పచ్చిమిర్చి" అంటే ఆయన అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పి, చీటీ మీద రాసుకొని గాని గుమ్మం దిగేవారు కాదు. ఆ తర్వాత బెండకాయలు తెచ్చేవారు. చీటీ తీసి చూపిస్తే అందులో దొండకాయలనే ఉండేది. "రికార్డులో తప్పు లేదు" అనేవారు. (ఇక్కడ ఆగి, పెద్దమ్మ నవ్వాక మొదలుపెట్టాలి.)

రైల్వేకు రోజు అర్ధరాత్రి మారుతుంది. మన పంచాంగానికి సూర్యోదయంతో మారుతుంది. ఈ రెండింటి మధ్య నలిగిపోయినవాణ్ణి నేను. అక్క పెళ్లి ముహూర్తం శుక్రవారం రాత్రి 1 గంట 12 నిమిషాలకు. శుభలేఖలో "తెల్లవారితే శనివారం" అని ఆచారం ప్రకారం వేయించారు. నేను అప్పుడు హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతున్నాను. శుభలేఖ తెరిచి చూడకుండా పెదనాన్నగారికి ఫోన్ చేస్తే, ఆయన డ్యూటీలో ఉండి, "శనివారం, సున్నా ఒకటి పన్నెండు" అన్నారు. అందులోని సున్నా నాకు వినపడలేదు. శనివారం మధ్యాహ్నం అనుకొని, ఉదయం తొమ్మిదింటికి కొత్త బట్టలు వేసుకొని కల్యాణ మంటపానికి వచ్చేసరికి, అరటి బోదెలు విప్పుతున్నారు. అందరూ నన్ను తిడుతుంటే, పెదనాన్నగారు నన్ను పక్కకు తీసుకెళ్లి ఇడ్లీ పెట్టించి, "టైము నేను కరెక్టుగానే ఇచ్చాను, నువ్వు తిరిగి చదవలేదు" అన్నారు. ఆ పెళ్లి ఆల్బంలో నేను ఉన్నది ఒక్క ఫోటోలోనే. అందులోనూ నా వెనుక సప్లయర్స్ వాళ్లు కుర్చీలు పేరుస్తున్నారు.

ఇక కొన్ని సంగతులు నవ్వకుండా చెప్పాలి.

1996 నవంబరు 6న తుఫాను వచ్చిన రాత్రి ఆయన సామర్లకోటలో డ్యూటీలో ఉన్నారు. కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయని తెలిసింది గాని, అంబాజీపేటలో మన ఇల్లు ఉందో లేదో, మనుషులెలా ఉన్నారో చెప్పే ఫోన్ ఒక్కటీ మోగలేదు. ఆగిపోయిన బండ్లలోని ప్రయాణికులకు తిండి, నీళ్లు చూస్తూ ఆయన స్టేషన్ వదల్లేదు. మూడో రోజు రిలీవర్ వచ్చాక బయలుదేరి, దొరికిన లారీ ఎక్కి, కోటిపల్లి రేవులో పంటు దాటి, పడిపోయిన చెట్లను తప్పుకుంటూ మిగిలిన దారి నడిచి, సాయంత్రానికి ఇల్లు చేరారు. వీధి అరుగు మీద కూర్చున్న నానమ్మను చూసి మొదట అడిగిన మాట "అన్నం ఉందా?" అని నాన్న చెబుతారు. ఆ మాట తనకోసం అడిగారో, మనవాళ్లు తిన్నారో లేదోనని అడిగారో ఇప్పటికీ మా ఇంట్లో తేలలేదు.

2015లో గోదావరి పుష్కరాల పన్నెండు రోజులూ ఈ రెండు గదుల క్వార్టర్స్‌లో మనవాళ్లు ఇరవై ముగ్గురం దిగాం. ప్లాట్‌ఫారాల మీద జనాన్ని, బండ్లను చూసుకుంటూ ఆయన ఏ పూట ఇంటికి వచ్చేవారో మాకు తెలిసేది కాదు. పొద్దున్నే దండెం మీద ఆరేసిన చొక్కా చూసి వచ్చి వెళ్లారని అనుకునేవాళ్లం. మేమందరం గోదావరిలో మునిగి పుణ్యం మూటగట్టుకొని వెళ్లిపోయిన తర్వాత ఆయన స్నానం చేశారో లేదో ఒక్కరమూ అడగలేదు. పదేళ్లు ఆలస్యంగానైనా ఈ రోజు అందరి ఎదుటా అడుగుతున్నాను.

తాతయ్య మంచాన పడిన ఏడాది పెదనాన్నగారికి ప్రమోషన్ మీద దూరపు డివిజన్‌కు బదిలీ వచ్చింది. వద్దని రాసి ఇచ్చారు. కారణం ఎవరికీ చెప్పలేదు. పెద్దమ్మ కూడా ఎవరి దగ్గరా అనలేదు. నైట్ డ్యూటీ దిగి వచ్చి తాతయ్యకు గడ్డం గీసి, ఒళ్లు తుడిచి, ఆ తర్వాత పడుకునేవారు. ఆ ఏడాది నేను ఇక్కడే ఉండి పదో తరగతి చదివాను గనుక ఇది విన్న మాట కాదు, చూసింది.

పెదనాన్నా, రాజమండ్రి నుంచి బెంగళూరుకు శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో మీకు, పెద్దమ్మకు రెండు కింది బెర్తులు ఉన్నాయి. రిటైరైనవారికి ఇచ్చే పాసులు ఉన్నాయి, సెలవు అడగాల్సిన అధికారి ఇక లేరు. నానమ్మ చాలా ఏళ్లుగా కాశీ అంటోంది; దసరాకు మీరు తిరిగి వచ్చినప్పుడు ఆ సంగతి చూద్దాం. పెద్దమ్మకు కొత్త ఊరిలో తోచకపోతే మాకు ఫోన్ చేయమనండి, కూరగాయలు మాత్రం ఆమెనే తెచ్చుకోమనండి.

ఇద్దరూ మా నమస్కారాలు అందుకొని మమ్మల్ని ఆశీర్వదించండి. తర్వాత భోజనాలు.

రాత్రి, మేడ మీద

(పెద్దవాళ్లు పడుకున్నాక. పెదనాన్న తప్పకుండా ఉంటారు, నానమ్మ ఉండదు.)

మధ్యాహ్నం మర్యాదగా మాట్లాడాను. ఇప్పుడు రెండే నిమిషాలు తీసుకుంటాను, బజ్జీలు చల్లారిపోతాయి.

ఈయన మనందరికీ నేర్పింది టైము పాటించడం అని మన తల్లిదండ్రుల నమ్మకం. నిజానికి నేర్పింది తప్పించుకోవడం. సెలవులకు వచ్చినప్పుడు ఈ ఇంట్లో ఒక బాత్రూము, మనం తొమ్మిది మందిమి. ఈయన తలుపు దగ్గర నిలబడి ఒకరు బయటికి వచ్చి "లైన్ క్లియర్" అంటేగాని రెండోవాళ్లను పంపేవారు కాదు. చిన్నోడు ఒకసారి సిగ్నల్ లేకుండా లోపలికి దూరినందుకు అరగంట సేపు అరటి చెట్టు కింద లూప్ లైన్లో నిలబెట్టారు. పక్కనే వాణ్ణి దాటుకుంటూ మేమందరం ఎక్స్‌ప్రెస్ బండ్లలా వెళ్లాం.

రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటే మనం అల్లరి చేయకూడదు. అందుకని పెద్దమ్మ మనకు మూకీ క్రికెట్ కనిపెట్టింది. అవుటైనా అరవకూడదు. ఒకరోజు బంతి కిటికీలోంచి వెళ్లి ఈయన పొట్ట మీద పడింది. కళ్లు తెరవకుండానే "వైడ్" అని పక్కకు తిరిగి పడుకున్నారు. ఆ రన్ను నాకు ఇప్పటికీ కలపలేదు, పెదనాన్నా.

ఇంకొక్కటి, మధ్యాహ్నం నానమ్మ ఎదుట అనలేనిది. నాకు మొదటి ఉద్యోగం పోయినప్పుడు నాన్నకు చెప్పలేక రాత్రి రెండింటికి నేరుగా స్టేషన్‌కు వచ్చాను. ఎందుకు వచ్చావని ఈయన అడగలేదు. టీ తెప్పించి, తన బల్ల పక్కన కుర్చీ వేసి, తెల్లవారేదాకా వచ్చిపోయే బండ్ల పేర్లు చెప్పారు. ఆరింటికి మాత్రం "ఇప్పుడు ఇంటికి వెళ్లి చెప్పు" అన్నారు. వెళ్లి చెప్పాను.

వచ్చే వారం శేషాద్రి కదిలేటప్పుడు మనం అందరం ప్లాట్‌ఫారం మీద ఉంటాం. ఇదిగో, పాత పెట్టెలో మీ పచ్చ జెండా దొరికింది. మీరు కిటికీ పక్కన కూర్చుంటారు, నేను ఊపుతాను. ముందుగా ప్రైవేట్ నంబరు చెప్పండి, ఈసారి తిరిగి చదువుతాను.