కాలవగట్టు షాపు నించి మీ అందరికీ థాంక్సండి, దాంతో పాటు ఒక ఆఫర్

ఏవండోయ్, పాలకొల్లు కాలవగట్టు మీద కటింగ్ షాపు నించి రాస్తున్నానండి. బోర్డు మీద పేరు వేరే ఉంది గానీ అది ఎండకి వెలిసిపోయి నాకే సరిగ్గా కనపడట్లేదు, మీరంతా ఎలాగూ కాలవగట్టు షాపు అనే అంటారు కాబట్టి ఇక్కడా అదే పేరు.

మొన్న దీపావళి ముందు కొత్త బోర్డు చేయిద్దామని, లైటు వెలిగేది, వాకబు చేశానండి. బోర్డు, దాంతో పాటు ఊళ్ళో పంచడానికి రెండు వేల కరపత్రాలు, అన్నీ కలిపి 18,000 అన్నారు. సరే అనుకుని అడ్వాన్సు ఇచ్చేద్దామని జేబులో పెట్టుకుని బయల్దేరబోతుంటే మా తమ్ముడు ఓ మాటన్నాడు, అన్నయ్యా అసలు మన దగ్గరికి బోర్డు చూసి ఎవరొచ్చారని. నిజమే కదా అనిపించి ఓ నెలపాటు కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళనీ అడిగానండి, మీరు మొదటిసారి మా దగ్గరికి ఎలా వచ్చారు గుర్తుందా అని, సబ్బు రాస్తూ అడగడం, రూళ్ళ పుస్తకంలో రాసుకోవడం. నెలంతా కలిపి బోర్డు చూసి వచ్చానన్నవాడు ఒక్కడంటే ఒక్కడు, అతనూ పోస్టాఫీసు ఎటు అని అడగడానికి లోపలికొచ్చి ఎలాగూ వచ్చాను కదా గెడ్డం గీసెయ్యమన్నవాడే.

మిగతా అందరూ ఎవరో ఒకరు చెప్తే వచ్చినవాళ్ళేనండి. బావగారు చెప్పేరు, మిల్లులో గుమస్తాగారు చెప్పేరు, మా ఆవిడ తమ్ముడు ఇక్కడే చేయించుకుంటాడు, ఇలా. ఆ పుస్తకంలో గీతలు కలుపుకుంటూ పోతే వంశవృక్షం లాంటిది తయారైంది, నేను రెండు రాత్రులు దాన్నే చూస్తూ కూర్చున్నాను, మా ఆవిడ అన్నం చల్లారిపోతోందని కేకలు.

ఆ చెట్టుకి మొదట్లో ఉన్నది డ్రిల్లు మాస్టారండి. రిటైరయ్యి చాలా ఏళ్ళయింది, పేరు రాస్తే ఆయన ఊరుకోరు కాబట్టి రాయట్లేదు, మీకందరికీ తెలిసినాయనే. షాపు పెట్టిన కొత్తల్లో ఒక చెక్క కుర్చీ, ఒక అద్దం, అంతే ఉండేవి. స్కూల్లో జుట్టు పెరిగిన పిల్లాడు కనపడితే చాలు చెవి పట్టుకుని మరీ కాలవగట్టుకెళ్ళి కొట్టించుకురా అని తోలేసేవారు. మా కమీషనేమైనా ఉందేమో అని వాళ్ళ స్కూల్లో మిగతా మాస్టార్లు ఎటకారం ఆడేవారంట. కమీషన్ కాదు కదా, ఆయన కటింగ్‌కి డబ్బులు వద్దంటే బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయేవారు. అప్పుడు కుర్చీ చేతుల మీద పలక వేసి కూర్చోబెట్టిన పిల్లలు ఇప్పుడు వాళ్ళ పిల్లల్ని తీసుకొచ్చి అదే పలక మీద కూర్చోబెడుతున్నారండి. కుర్చీలు మారేయి గానీ పలక మాత్రం అదే, మార్చబుద్ధి కాలేదు.

ఆ పిల్లల్లో ఒకడు రొయ్యల చెరువుల మీద పనికెళ్ళేడు, వాడి వల్ల ఆ చెరువుల బ్యాచ్ మొత్తం మాకే. వాళ్ళలో ఒకాయన చెల్లెల్ని దిండి అవతల ఇచ్చారు, ఆ బావగారు ఇప్పటికీ చించినాడ వంతెన దాటుకుని బండేసుకుని వస్తారు. సఖినేటిపల్లి నించి ఒకాయనైతే పంటు ఎక్కి నరసాపురం రేవులో దిగి, అక్కడ్నించి బస్సెక్కి వస్తారండి, గోదారికి వరదొచ్చి పంటు ఆగిపోతే ఆయన గెడ్డం చూసి వరద ఎన్ని రోజులుందో చెప్పెయ్యొచ్చు. అక్కడ సెలూన్లు లేవా అంటే, ఉన్నాయి గానీ నా తల సంగతి నీకు తెలుసు కదా అంటారు. ఆ మాట వింటే ఆ రోజుకి అన్నం అక్కర్లేదండి నాకు.

ఇంకొకటి చెప్పాలి. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు షాపు షట్టరు దించేసి ఇంట్లో కూర్చున్నాం కదా. మళ్ళీ తెరిచిన వారంలో ఒకమ్మగారు వచ్చి వాళ్ళాయనకీ ఇద్దరు పిల్లలకీ ఆ రెండు నెలల కటింగ్ డబ్బులు చేతిలో పెట్టేరు. అమ్మా మీరు చేయించుకోలేదు కదా అంటే, ఇంట్లో నేనే కత్తెరతో కోశాను బాబూ, వంకరటింకరగా వచ్చింది, అది సరిచెయ్యడానికి నీకు డబల్ పని కదా, ఇది దానికి అన్నారు. ఆవిడ కోసిన తీరు చూస్తే నిజంగానే డబల్ పనే అనుకోండి, అది వేరే సంగతి.

కరెంటు పోయిన రోజు కూడా చెప్పకపోతే తప్పవుద్ది. ఇన్వర్టరు లేని రోజులు. పెళ్ళిచూపులకెళ్ళాల్సిన కుర్రాడికి ఒక పక్క మిషన్ కొట్టేశాను, రెండో పక్కకి వచ్చేసరికి కరెంటు పోయింది. ఆ పక్కన ఉన్న నున్నటి స్లోపు కత్తెరతో రాదు, వచ్చినా రెండు పక్కలా రెండు రకాలుగా ఉంటది. ఎవరైనా అయితే నన్ను కొట్టేవారే. అతను క్లాత్ కట్టుకునే టీ తాగుతూ గంటన్నర కూర్చున్నాడండి, వాళ్ళ నాన్నగారు గుమ్మంలో అటూ ఇటూ తిరగడం, నాకు చెమటలు. సంబంధం కుదిరింది లెండి. ఆ తర్వాత వారమే ఇన్వర్టరు కొన్నాను.

ఇప్పుడు మెయిన్ రోడ్డులో ఏసీలు, అద్దాల తలుపులు పెట్టి పెద్ద పెద్దవి వచ్చేయి, వాళ్ళ పని వాళ్ళది, నాకేం కోపం లేదు. వాళ్ళొచ్చాక కూడా మీరు ఇటే వస్తున్నారు చూడండి, దానికే ఈ థాంక్సు. అందుకని ఆ 18,000 బోర్డుకి పెట్టకుండా మీకే పెడదామని నేనూ తమ్ముడూ అనుకున్నాం.

సంగతేంటంటే, మా దగ్గరికి ఎప్పుడూ రాని మనిషిని మీరు పంపిస్తే, లేదా వెంటబెట్టుకొస్తే, ఆ వచ్చినాయనకి మొదటి కటింగ్ 150 కాకుండా 100కే. పంపిన మీకు ఒక 50 పుస్తకంలో మీ పేరు కింద జమ. ముగ్గుర్ని పంపితే మీకో కటింగ్ ఊరికే అన్నమాట, ముగ్గురయ్యేదాకా ఆగక్కర్లేదు, ఒక్కరికే 50 తగ్గించమన్నా తగ్గిస్తాం. చిన్నపిల్లలకి కటింగ్ 100 కదా, కొత్త పిల్లాడైతే 70కి చేస్తాం, మీకు జమ మాత్రం అదే 50, పిల్లాడని సగం చెయ్యం. ఉత్తి గెడ్డానికి వచ్చినవాళ్ళని లెక్కలోకి తీసుకోలేమండి, 70 రూపాయల పనిలో 50 ఇస్తే తమ్ముడు నన్ను కాలవలో తోసేస్తాడు.

కూపన్లూ కార్డులూ ఏమీ లేవు. వచ్చినాయన కుర్చీలో కూర్చోకముందే ఫలానా ఆయన పంపేరు అని మీ పేరు చెప్తే చాలు, లేదంటే మీరే షాపు నంబరుకి ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టెయ్యండి, నంబరు మీ ఫోన్లో ఉన్నదే, మారలేదు. కటింగ్ అయిపోయి డబ్బులిచ్చేటప్పుడు గుర్తొచ్చి చెప్తే మాత్రం కుదరదు, ఎందుకంటే ఒకే మనిషిని నేను పంపేనంటే నేను పంపేనని ఇద్దరొస్తే ఆ పంచాయితీ నావల్ల కాదు. ఒక ఇంట్లోవాళ్ళే ఒకళ్ళనొకళ్ళు పంపుకున్నా పర్వాలేదు, కొత్తవాళ్ళయితే చాలు.

జమైన డబ్బులకి గడువు లేదండి. ఇది ముఖ్యంగా కువైట్లోనూ దుబాయ్‌లోనూ ఉన్న మనవాళ్ళ కోసం చెప్తున్నాను, మీరు అక్కణ్ణించి మీ తమ్ముళ్ళనీ ఫ్రెండ్సునీ పంపండి, రెండేళ్ళ తర్వాత సెలవుకొచ్చినా మీ పేరు కింద లెక్క అలాగే ఉంటది. కొత్తవాళ్ళని తీసుకునే ఆఫర్ మాత్రం కార్తీక పౌర్ణమి నించి భోగి ముందురోజు దాకా. లెక్కేస్తే మనిషికి మాకు వంద పడుతోంది, 180 మంది దాకా ఆ బోర్డు డబ్బు సరిపోద్ది, ఇంకా ఎక్కువొస్తే అప్పుడు ఏడుద్దాం. భోగి, సంక్రాంతి రోజుల్లో ఆఫర్లేం అడగద్దు దయచేసి, కొత్తల్లుళ్ళూ హైదరాబాద్ నించి వచ్చినవాళ్ళూ అందరూ ఒకేసారి మీద పడతారు, మాకు టీ తాగే ఖాళీ కూడా ఉండదు.

మీరు ఒకళ్ళని పంపేరంటే మీ మాట మీద వస్తున్నట్టే కదా, మీ మాట పోకూడదు. అందుకని కొత్తవాళ్ళకి కూడా మీకు చేసినట్టే, బ్లేడు వాళ్ళ ఎదురుగానే కవరు చింపి, విరిచి సగం పెడతాం, అయిపోయాక వాళ్ళ ముందే పారేస్తాం. కామెర్ల జబ్బులు కొన్ని, హెపటైటిస్ బి లాంటివి, ఒకరికి వాడిన బ్లేడు ఇంకొకరికి వాడితే రక్తం ద్వారా అంటుకోవచ్చు, అందుకే ఈ విషయంలో నేను మొండి. ఎప్పుడైనా హడావుడిలో మేం బ్లేడు మార్చినట్టు మీకు కనపడకపోతే మొహమాటపడకుండా ఆపండి. కటింగ్ నచ్చకపోతే మూడు రోజుల్లోపు వస్తే ఊరికే సరిచేస్తాం, ఎవరైనా సరే.

రంగు వేయించుకునే కొత్తవాళ్ళకి ఒక్కటి చెప్పి పంపండి, అదే రోజు వెయ్యం. ముందు చెవి వెనకాల చిన్న చుక్క పెట్టి రెండు రోజులు చూస్తాం, దురదగానీ దద్దుగానీ రాకపోతేనే రంగు. నల్ల రంగుల్లో చాలావాటిలో పీపీడీ అని ఒకటుంటది, అది కొందరికి పడదు, మొహం వాచిపోద్ది. పెళ్ళి రేపనగా ఇవాళ వచ్చి వెయ్యమంటే మాత్రం నేను వెయ్యను, అలా చెప్పినందుకు ఒకరిద్దరు అలిగి వెళ్ళిపోయారు కూడా. మీకు జమ చుక్క పెట్టిన రోజే రాసేస్తాం లెండి, రెండు రోజులు ఆగక్కర్లేదు.

అయ్యప్ప మాల వేసుకున్న స్వాములకి కూడా నమస్కారం, ఆ నలభై ఒక్క రోజులూ మీరు మా వైపు రారు, షాపు కొంచెం బోసిపోద్ది. మాలలో ఉన్నా కొత్తవాళ్ళని పంపొచ్చు స్వామీ, మీ కటింగ్ కొండకెళ్ళొచ్చాక.

కార్తీక సోమవారాలు క్షీరారామం గుడికి పంచారామాల బస్సులొచ్చి ఊళ్ళో రోడ్లు నిండిపోతాయి కాబట్టి ఆ రోజుల్లో షాపు తెల్లారగట్ల ఐదున్నరకే తీస్తున్నాం, బండి మీదొచ్చేవాళ్ళు ఏడులోపు వస్తే సుఖం. మంగళవారం మామూలుగానే సెలవు. ఇంకా, డ్రిల్లు మాస్టారూ, మీరు ఈ మధ్య మోకాలు నెప్పని రావట్లేదని మనవడు చెప్పేడు, ఈ బుధవారం పొద్దున్నే కత్తెరా క్లాతూ పట్టుకుని మేమే మీ ఇంటికొస్తున్నామండి, పుస్తకంలో మీ పేరు కింద ఉన్న జమ ఎప్పటికీ అయ్యేది కాదు కాబట్టి ఈసారి బల్ల మీద డబ్బులు పెట్టకండి.