రేవు పార్వతి: విశాఖ చేపలరేవు కథలు, నవలలు

నమస్కారం. పుస్తకాల మీద నా పేరు రేవు పార్వతి అని ఉంటుంది. రేవు మా ఇంటిపేరు కాదు. విశాఖ ఫిషింగ్ హార్బర్ పక్కన ఒక ఐసు ఫ్యాక్టరీలో 22 ఏళ్ళు లెక్కలు రాశాను. తెల్లవారుజామున ఐసు కోసం వచ్చే ఆడవాళ్ళ మాటలు వింటూనే కథలు రాయడం నేర్చుకున్నాను. అందుకే ఆ పేరు.

నా మొదటి నవల చదివిన ఒక ప్రచురణకర్త కథ బాగుందన్నారు. సంభాషణలు మాత్రం "అందరికీ అర్థమయ్యే భాష"లోకి మార్చమన్నారు. "వొచ్చీసినాడు" అన్న మనిషి చేత "వచ్చేశాడు" అనిపిస్తే ఆ మనిషి నాకు కనిపించదు. రాతప్రతి వెనక్కి తెచ్చుకుని, దాచుకున్న డబ్బుతో 500 ప్రతులు నేనే వేయించాను. డీటీపీలో కూడా ఒకసారి ఆ మాటలన్నీ "సరిచేసి" ఇచ్చారు. నాలుగుసార్లు ప్రూఫులు చూసి, ఒక్కొక్క మాటా మళ్ళీ దాని చోట పెట్టాను.

అరవై ఒక్క రోజులు (నవల, 184 పేజీలు)

చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లో రేవు ఖాళీగా ఉంటుందని బయటివాళ్ళు అనుకుంటారు. నిజానికి ఉన్న పనంతా అప్పుడే: బోట్లకు రంగులు, ఇంజన్ల రిపేర్లు, వలల అల్లిక, పెళ్ళిళ్ళు, అప్పులు. చేపలమ్మే నూకాలు ఇంట్లో ఆ 61 రోజులు ఎలా గడిచాయన్నదే ఈ నవల.

*మొదటి అధ్యాయం నుంచి*

ఏప్రిల్ 14, చీకటి పడే వేళ. బోట్లు వరసకట్టి రేవులోకి వచ్చేస్తున్నాయి. అర్ధరాత్రి దాటితే వేట బందు.

నూకాలు జెట్టీ మీద పీట వేసుకుని కూర్చుంది. ముందున్న గంపలో కానాగంతలు. ఐసు కరిగిన నీళ్ళు ఆమె కాలివేళ్ళ మధ్య నుంచి పారుతున్నాయి. ఒక చేపనెత్తి బొటనవేలితో మొప్ప తెరిచి చూసింది. ఇంకా ఎర్రగానే ఉంది.

"ఏటప్పా, ఇంకా కూకున్నావు? పాటయిపోనాది గదా," అంది పైడమ్మ.

"మా గుంటడి బోటు రాలేదే."

"వొచ్చీస్తాదిలే. సరంగు తాతకి తోవ తెలీదా ఏటి? బేగి లెగు, ఇంటికెల్దాం."

నూకాలు లేవలేదు. గంప మీద తడిగోనె కప్పింది. రేపట్నుంచి కత్తికి పని లేదు. దాన్ని కడిగి, పైటకొంగుతో తుడిచి, కొబ్బరినూనె రాసి, పాత చీరముక్కలో చుట్టింది. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ వెలుగు నీళ్ళ మీంచి జరిగి వెళ్ళిపోయింది. ఆ వెలుతురులో ఆగి ఉన్న బోట్లు మళ్ళీ లెక్కపెట్టింది. ఒకటి తక్కువే.

చాలాసేపటికి ఇంజను చప్పుడు వినపడింది. అది తమ బోటుది కాదు. తమ బోటుకి తాడేసి లాక్కొస్తున్న బోటుది.

[మొదటి అధ్యాయం పూర్తిగా ఉచితంగా చదవండి]
[కాగితం పుస్తకం కొనండి: 220 రూపాయలు]
[ఈబుక్ కొనండి: 90 రూపాయలు]

చెట్లు పోయిన వీధి (11 కథలు, 132 పేజీలు)

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను మన ఊరి మీదే తీరం దాటిన రోజు. అన్ని కథలూ ఒకే వీధివి, తుపాను తర్వాతి వారం రోజులవి. కరెంటు లేని రాత్రుల్లో అంతవరకూ పలకరించుకోని ఇళ్ళవాళ్ళు ఒకే అరుగు మీద కూర్చుని ఏం మాట్లాడుకున్నారో రాశాను. వీటిలో "పాలపేకెట్" నాకు చాలా ఇష్టమైన కథ. ముందుగా అదే చదవండి, అందుకే ఇక్కడ మొత్తం పెట్టాను.

[పాలపేకెట్ కథ చదవండి]
[కాగితం పుస్తకం కొనండి: 160 రూపాయలు]

కొనేవాళ్ళకు

"కొనండి" నొక్కితే ఆర్డరు ఫారం వస్తుంది. పేరు, చిరునామా, పిన్‌కోడు తెలుగులో రాసినా సరే. యూపీఐతో కట్టవచ్చు. పోస్టు ఖర్చు నాదే. సోమ, గురువారాల్లో నేనే ప్యాక్ చేసి పోస్టాఫీసులో ఇచ్చి వస్తాను. పేజీలు తారుమారైనా, తడిసినా ఫొటో పంపండి, వేరే ప్రతి పంపిస్తాను. రెండు పుస్తకాలూ కలిపి తీసుకుంటే 340 రూపాయలు. లైబ్రరీలకు, బడులకు సగం ధర.

జాలరిపేట, వన్‌టౌన్ వైపు వాళ్ళు ఫారంలో "చేతికి ఇవ్వండి" అని రాయండి. ఆదివారం పొద్దున రేవుకి చేపలకు వస్తాను, పుస్తకం సంచిలో తెస్తాను.