మొదటి నిమిషం: వాటర్ ప్యూరిఫైయర్ సర్వీస్ కాల్స్‌కు ప్రారంభ స్క్రిప్ట్

సుజాత గారూ,

సోమవారం నుంచి మీరు ఉదయం షిఫ్టులో సర్వీస్ కాల్స్ తీసుకుంటున్నారు కాబట్టి ఈ స్క్రిప్ట్ మీ పేరుతోనే రాశాను. కొటేషన్ గుర్తుల్లో ఉన్నవి మీరు పలకాల్సిన మాటలు, మిగతావి మీరు మనసులో ఉంచుకోవాల్సినవి. కాల్ మీ దాకా వచ్చేసరికే అవతలి మనిషి 'ఒకటి నొక్కండి, రెండు నొక్కండి' అన్నీ దాటి, కాల్ రికార్డవుతుందన్న ప్రకటన విని, మ్యూజిక్ వింటూ ఎదురుచూసి ఉంటారు. అప్పుడు వాళ్లకు కావాల్సింది ఒక మనిషి గొంతు. పాత స్క్రిప్ట్‌లో నమస్కారం అయిన వెంటనే రిజిస్టర్డ్ నంబరు అడిగేవాళ్లం. దాన్ని ఇందులో వెనక్కి జరిపాను. ముందు కష్టం వినాలి, నంబరు తర్వాత. మిగతా మాటలు మీ నోటికి తగ్గట్టు కాస్త అటూ ఇటూ అయినా పర్లేదు, ఈ వరస మాత్రం మారకూడదు.

కాల్ కలవగానే

హెడ్‌సెట్‌లో బీప్ వినిపించాక ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టండి. వెంటనే మాట్లాడితే 'నమస్కారం' లో సగం వాళ్లకు వినపడదు.

"నమస్కారమండీ. వాటర్ ప్యూరిఫైయర్ సర్వీస్ నుంచి సుజాతను మాట్లాడుతున్నాను. చెప్పండి, ఏం ఇబ్బంది వచ్చిందండీ?"

ఇంతే. 'మా సంస్థకు కాల్ చేసినందుకు ధన్యవాదాలు, ఈ రోజు మీకు ఏ విధంగా సహాయపడగలను' అనే పొడవాటి వాక్యం వద్దు. అది చదువుతున్నట్టు వినిపిస్తుంది, వినే మనిషికి తన వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. మీ పేరు మాత్రం తొందరగా మింగేయకండి. 'సుజాత' దగ్గర ఒక్క రవ్వ నెమ్మదించండి. రేపు వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే 'నిన్న సుజాత గారితో మాట్లాడాను' అని చెప్పగలగాలి.

పేరు సరిగా వినపడక "ఎవరూ?" అంటే,

"సుజాతనండీ, సర్వీస్ నుంచి. మీ మెషిన్ సంగతి నేనే చూస్తాను, చెప్పండి."

వాళ్లు చెబుతున్నప్పుడు

మధ్యలో అడ్డుపడకండి. "ఆఁ", "అలాగా", "చెప్పండి చెప్పండి" చాలు. చాలామంది అసలు విషయం చివర్లో చెబుతారు. ముందు ఎప్పుడు కొన్నారో, ఎవరు బిగించారో, పక్కింటివాళ్ల మెషిన్ ఎలా ఉందో చెబుతారు. అందులోనే మనకు కావాల్సిన ముక్క ఉంటుంది. 'కొత్త ఇంటికి మారినప్పటి నుంచి నీళ్లు సన్నగా వస్తున్నాయి' అంటే చూడాల్సింది మెషిన్ ఒక్కటే కాదు, ఆ ఇంటి ట్యాంకు నుంచి వచ్చే నీటి ప్రెషర్ కూడా. మధ్యలో ఆపేస్తే ఆ 'కొత్త ఇల్లు' అన్న మాట మనకు అందదు.

విన్నాక వాళ్ల మాటల్లోనే తిరిగి చెప్పండి. వాళ్లు 'నీళ్లు చేదుగా ఉన్నాయి' అంటే మీరూ చేదు అనే అనండి, 'టీడీఎస్ సమస్య' అనకండి.

"అర్థమైందండీ. మూడు రోజులుగా నీళ్లు చేదుగా వస్తున్నాయి, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు కాబట్టి తాగడానికి భయంగా ఉంది. అంతేనా?"

వాళ్లు ఔనన్నాక,

"మీ భయం నాకు అర్థమైందండీ. మెషిన్ చూసేదాకా ఆ నీళ్లు తాగకుండా ఉండటమే మంచిది. ఇప్పుడే మీ కంప్లయింట్ తీసుకుని, ఏం చేయాలో మీకు చెప్పాకే ఫోన్ పెడతాను."

చివరి వాక్యం చాలా ముఖ్యం. మనం ఏం చేయబోతున్నామో అందులో ఉంది, చేయలేనిది ఏదీ లేదు. 'ఇవాళే టెక్నీషియన్ వస్తాడు' అని మాత్రం ఈ దశలో నోరు జారవద్దు. షెడ్యూల్ స్క్రీన్ తెరవకుండా ఇచ్చిన మాట రేపు ఇంకొకరి మీద కోపంగా తిరిగొస్తుంది.

ఇప్పుడు పేరు, నంబరు

"మీ పేరు చెబుతారా అండీ? ... ప్రసాద్ గారూ, మెషిన్ కొన్నప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు చెబితే మీ వివరాలు నా ముందుకొస్తాయి. నెమ్మదిగా చెప్పండి, తొందరేం లేదు."

నంబరు చెప్పాక మొత్తం వల్లించకుండా, చివరి నాలుగు అంకెలు మాత్రం తిరిగి చెప్పి సరిచూసుకోండి.

"చివర నాలుగు, ఒకటి, ఏడు, రెండు. సరేనా అండీ? ఆఁ, వచ్చింది. ప్రసాద్ గారూ, వంటింట్లో గోడకు బిగించిన ఆర్‌ఓ మెషిన్, అదేనా?"

స్క్రీన్ మీద ఉన్న చిరునామా మీరు ముందుగా చదవకండి. వాళ్లనే చెప్పమని, సరిపోతుందో లేదో మీరు చూసుకోండి. ఫోన్‌లో ఉన్నది ఎవరో మనకు తెలియదు కదా. కాల్ చేసినవాళ్లు ఓటీపీ ప్రస్తావన తెచ్చి, 'ఏదైనా నంబరు పంపిస్తారా, చెప్పమంటారా' అని అడిగితే,

"లేదండీ. ఈ కంప్లయింట్‌కు ఓటీపీతోగానీ, బ్యాంకు కార్డు వివరాలతోగానీ పని లేదు. మా పేరు చెప్పి ఎవరైనా అడిగినా ఇవ్వకండి."

ముందు ఆపాల్సినది: నీళ్లు కారుతున్నాయన్న కాల్

ఇది వరస తప్పే కాల్. ఇక్కడ పేరూ నంబరూ ఏదీ వద్దు. 'కారుతోంది', 'కింద మడుగైంది', 'స్విచ్ మీదికి వస్తోంది' అన్న మాట వినగానే మీ గొంతు నెమ్మదిగా, స్పష్టంగా మారాలి.

"సరేనండీ, కంగారు పడకండి, నేను లైన్‌లోనే ఉన్నాను. నీళ్లు స్విచ్ బోర్డు దాకా వచ్చాయా? ... రాలేదు కదా. చేతులు పొడిగా ఉంటే ముందు స్విచ్ ఆపండి. తర్వాత మెషిన్‌లోకి నీళ్లు వెళ్లే చిన్న కుళాయి ఉంటుంది, దాన్ని పూర్తిగా కట్టేయండి. నేను ఆగుతాను, వెళ్లి రండి."

నీళ్లు స్విచ్ బోర్డును తాకాయంటే మాట మారుతుంది.

"అయితే ఆ స్విచ్ ముట్టుకోవద్దండీ, ఆ నీళ్లలో అడుగు కూడా పెట్టొద్దు. మెయిన్ స్విచ్ పొడిగా ఉన్న చోట ఉంటే దాన్ని ఆపేయండి. పిల్లల్ని అటు వెళ్లనివ్వకండి."

కుళాయి కట్టేశాక కూడా ట్యాంకులో ఉన్న నీళ్లు కాసేపు కారొచ్చు. ఆ మాట మీరే ముందు చెప్పండి, లేకపోతే వాళ్లు పనిచేయలేదనుకుని టెన్షన్ పడతారు.

"ఇంకొంచెం కారినా భయం లేదండీ, అది లోపల మిగిలిన నీరు. ఇప్పుడు చెప్పండి, మీ పేరేంటి?"

కోపంగా ఉన్నవాళ్లు

"మూడోసారి ఫోన్ చేస్తున్నాను! వస్తామంటారు, రారు!" అని మొదలవుతుంది. మీ నమస్కారం కూడా పూర్తికానివ్వరు. పూర్తి చేయాలని చూడకండి. వాళ్లు ఊపిరి తీసుకునేదాకా వినండి. తర్వాత,

"మూడుసార్లు చెప్పాల్సి రావడం మా తప్పేనండీ. క్షమించండి. నా పేరు సుజాత. మొదటి నుంచీ మళ్లీ చెప్పించుకోను, పాత కంప్లయింట్లు తెరిచి నేనే చూస్తాను. మెషిన్ కొన్న నంబరు ఒక్కటి చెప్పండి."

ఇక్కడ నంబరు త్వరగా అడగడానికి కారణం ఉంది. వాళ్లు తమ కథ ఇప్పటికే రెండుసార్లు చెప్పారు, మూడోసారి చెప్పించడమే వాళ్లకు అవమానం. 'శాంతించండి' అన్న మాట ఎప్పుడూ వాడకండి. ఆ మాటతో శాంతించిన కస్టమర్‌ను నేను ఇంతవరకు చూడలేదు. 'అది వేరే డిపార్ట్‌మెంట్' అని కూడా వద్దు. వాళ్లకు మనమంతా ఒకటే.

పాత కంప్లయింట్లు కనిపించాక,

"చూశానండీ. పోయిన బుధవారం ఒకటి, శనివారం ఒకటి ఉన్నాయి. రెండుసార్లూ ఎవరూ రాలేదని ఇక్కడే రాసి ఉంది. మీరు చెప్పింది నిజం. ఇప్పుడు దీన్ని సూపర్‌వైజర్‌కు పంపుతున్నాను, పంపినట్టు మీకు మెసేజ్ కూడా వస్తుంది."

'మీరు చెప్పింది నిజం' అన్నది రికార్డులో నిజంగా ఉంటేనే అనండి. ఉన్నప్పుడు మాత్రం తప్పకుండా అనండి.

పెద్దవాళ్లు

గొంతు పెంచకండి, వేగం తగ్గించండి. చెవి సరిగా వినపడనివాళ్లకు అరుపు కన్నా స్పష్టత పనికొస్తుంది. వాళ్లు మిమ్మల్ని 'అమ్మా' అంటే మీరూ 'అమ్మా' అనొచ్చు, పేరు తెలిశాక 'గారు' చేర్చండి.

"నమస్కారమమ్మా. నేను సుజాతను, నీళ్ల మెషిన్ సర్వీస్ నుంచి. నా మాట వినపడుతోందా? ... సరే. ఎర్ర లైటు వెలుగుతోందా అమ్మా? ఏం పర్లేదు. మీరు దేన్నీ విప్పొద్దు, నేను అడిగినవి చూసి చెప్పండి చాలు. రమణమ్మ గారూ, పక్కన ఎవరైనా ఉన్నారా, లేక మీరొక్కరేనా?"

ఒక్కరే ఉన్నారంటే స్టూలు ఎక్కి చూడమని, పైన పైపు బిగించమని ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పకండి.

హోల్డ్, కట్ అయిన కాల్

"ప్రసాద్ గారూ, పాత సర్వీస్ వివరాలు చూడటానికి ఒక నిమిషం పడుతుంది. లైన్‌లో ఉంటారా, నన్నే తిరిగి ఫోన్ చేయమంటారా?"

అడిగి, జవాబు విన్నాకే హోల్డ్ నొక్కండి. తిరిగి రాగానే "ఆగినందుకు థాంక్స్ అండీ" అనేది ముందు మాట.

కాల్ కట్ అయితే వాళ్లు చేస్తారులే అని ఎదురుచూడకండి, మీరే చేయండి.

"ప్రసాద్ గారూ, సుజాతను. ఇందాక లైన్ కట్ అయింది. నీళ్లు చేదుగా ఉన్నాయన్న దగ్గర ఆగాం, అక్కడి నుంచే మాట్లాడుకుందాం."

కొత్త మెషిన్ కోసం చేసినవాళ్లు

"తప్పకుండానండీ. కొత్త మెషిన్ల వివరాలు చెప్పేది సేల్స్‌వాళ్లు. మిమ్మల్ని కలుపుతున్నాను, మీరు ఏం అడిగారో వాళ్లకు నేనే చెప్తాను, మళ్లీ చెప్పనక్కర్లేదు."

ఇక్కడి నుంచి చెకింగ్ స్క్రీన్‌లోకి

పేరు, నంబరు, ఇబ్బంది మూడూ తెలిశాక చెకింగ్ ప్రశ్నలకు ఇలా దాటండి.

"సరేనండీ ప్రసాద్ గారూ, మీ కంప్లయింట్ రాసుకున్నాను. ఇప్పుడు రెండు మూడు చిన్న ప్రశ్నలు అడుగుతాను, అవి తెలిస్తే టెక్నీషియన్ సరైన ఫిల్టరు వెంట తెచ్చుకుంటాడు, మీకు రెండోసారి తిప్పలు ఉండవు. మెషిన్ దగ్గరికి వెళ్లగలరా? ... నిదానంగా వెళ్లండి, నేను లైన్‌లోనే ఉన్నాను."