రోజువారీ షుగర్, బీపీ పట్టిక: 2025 జూన్ 9 నుంచి 22 వరకు

జూన్ 23, సోమవారం శ్రీకాకుళంలో డాక్టరు గారికి చూపించడానికి రాసుకున్నది.

రోగి వివరాలు. వయసు 63, పురుషుడు, విశ్రాంత ఉపాధ్యాయుడు, నివాసం గజపతి జిల్లా పర్లాకిమిడి. షుగర్ పదకొండేళ్లుగా, బీపీ ఆరేళ్లుగా ఉన్నాయి. బరువు 71 కిలోలు. మార్చిలో చేయించిన హెచ్‌బీఏ1సీ 7.8 శాతం, క్రియాటినిన్ 1.0. ఏ మందూ పడకపోవడమన్నది ఇంతవరకు లేదు.

వాడుతున్న మందులు. గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా. ఉదయం టిఫిన్‌కు ముందు; మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. ఉదయం, రాత్రి భోజనంతో. టెల్మిసార్టన్ 40 మి.గ్రా. ఉదయం ఒకటి.

కొలిచిన తీరు. పరగడుపు షుగర్ ఉదయం ఆరు, ఆరున్నర మధ్య, టీ కూడా తాగకముందు చూశాను. తిన్న తర్వాతి షుగర్‌ను మొదటి ముద్ద నోట పెట్టిన సమయం నుంచి రెండు గంటలు లెక్కించి చూశాను. స్ట్రిప్‌ల ఖర్చు దృష్ట్యా రోజుకు ఒక పూట మాత్రమే, పూటలు మార్చుకుంటూ చూడవలసి వచ్చింది. బీపీని మూత్రవిసర్జన చేసి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్న తర్వాత, ఎడమ చేతిని గుండె ఎత్తులో బల్లమీద ఉంచి, ఒక నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి, ఆ రెండింటి సగటును రాశాను. ఉదయపు బీపీ మాత్ర వేసుకోకముందు, సాయంత్రపుది ఏడు గంటలకు చూసినవి. నాడి అన్ని రోజులూ 70, 80 మధ్యనే ఉన్నందున దానికి వేరే గడి పెట్టలేదు. తెలుగు చదవలేని ఇక్కడి నర్సులకు కూడా అర్థం కావడానికి అంకెలన్నీ 1, 2, 3 రూపంలోనే వేశాను. షుగర్ అంకెలు ఎం.జి./డి.ఎల్.లో ఉన్నాయి.

| తేదీ | పరగడుపు షుగర్ | తిన్న 2 గంటలకు | ఉదయం బీపీ | సాయంత్రం బీపీ | ఆ రోజు సంగతి |
|---|---|---|---|---|---|
| 9 సోమ | 118 | టిఫిన్ 162 | 138/84 | 130/80 | మామూలు రోజు. |
| 10 మంగళ | 122 | రాత్రి 201 | 140/86 | 132/82 | రాత్రి అన్నం, పప్పు, అరటికాయ వేపుడు తిన్నాను. |
| 11 బుధ | 116 | మధ్యాహ్నం 174 | 136/84 | 128/78 | సాయంత్రం అరగంట నడిచాను. |
| 12 గురు | 109 | చూడలేదు | 134/82 | 130/80 | ఉదయం 11.20కి షుగర్ 62కు పడిపోయింది. వివరం కింద ఉంది. |
| 13 శుక్ర | 121 | టిఫిన్ 158 | 138/84 | 134/82 | నీరసం లేదు. |
| 14 శని | 124 | రాత్రి 232 | 142/88 | 138/86 | రజొ పండుగ. పొరుగువారు పంపిన పొడొ పిఠా రెండు ముక్కలు తిన్నాను. |
| 15 ఆది | 146 | రాత్రి 218 | 144/88 | 150/92 | గుణుపురంలో బంధువుల ఇంట ఉన్నాను. బీపీ మాత్ర వేసుకోలేదు. ఎండుచేపల పులుసు తిన్నాను. |
| 16 సోమ | 139 | టిఫిన్ 170 | 154/94 | 140/86 | ఇంటికి వచ్చి ఉదయం 10 గంటలకు మాత్ర వేసుకున్నాను. |
| 17 మంగళ | 128 | మధ్యాహ్నం 181 | 140/86 | 132/82 | మామూలు రోజు. |
| 18 బుధ | 119 | మధ్యాహ్నం 176 | 138/84 | 130/80 | మొదట 248 చూపింది. వివరం కింద ఉంది. |
| 19 గురు | 117 | రాత్రి 176 | 136/84 | 128/80 | రాత్రి రెండు చపాతీలు, దాల్మా తిన్నాను. |
| 20 శుక్ర | 113 | రాత్రి 169 | 136/82 | 130/78 | రాత్రి చపాతీలు తిని, తర్వాత పావుగంట నడిచాను. |
| 21 శని | 115 | టిఫిన్ 160 | 134/82 | 128/78 | మామూలు రోజు. |
| 22 ఆది | 112 | రాత్రి 198 | 136/82 | 128/80 | రాత్రి మళ్లీ అన్నమే తిన్నాను. |
| సగటు | 121 | పూటలు వేరు కనుక తీయలేదు | 139/85 | 133/82 | |

జూన్ 12న షుగర్ పడిపోయిన వివరం. ఆ రోజు ట్రెజరీలో పని ఉండి, ఎనిమిది గంటలకు గ్లిమెపిరైడ్ వేసుకుని, టిఫిన్ తర్వాత తిందామని ఒక టీ, రెండు బిస్కట్లతో బయలుదేరాను. పదకొండు దాటాక ఒళ్లంతా చెమట పట్టి, చేతులు వణికి, కళ్లు మసకబారినట్లనిపించింది. స్పృహ తప్పలేదు, మాట తడబడలేదు. ఇంటికి చేరగానే చూస్తే 62 ఉంది. మా ఇంటావిడ మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి ఇచ్చింది. పదిహేను నిమిషాల తర్వాత 84 వచ్చింది, ఆ తర్వాతే ఇడ్లీలు తిన్నాను. గడిచిన ఏడాది కాలంలో ఇలా జరగడం ఇదే మొదలు. అయితే చెమట, వణుకు లేకుండా ఆకలి మాత్రమే వేసిన రోజుల్లో షుగర్ చూసుకోలేదు కాబట్టి, అప్పుడు తగ్గలేదని నిశ్చయంగా చెప్పలేను.

జూన్ 18న వచ్చిన 248. మామిడిపండు కోసిన వేలినే గుచ్చి చూసినప్పుడు వచ్చిన అంకె ఇది. చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక మరో వేలితో చూస్తే 176 వచ్చింది. పట్టికలో రెండోదాన్నే తీసుకున్నాను.

జూన్ 14, 15, 16. ఈ మూడు రోజుల అంకెలను పండుగ, ప్రయాణం, తప్పిన మాత్ర కలిసి పెంచాయని నా అభిప్రాయం. మాత్ర మళ్లీ మొదలుపెట్టాక 17వ తేదీ సాయంత్రానికి బీపీ పాత స్థాయికి వచ్చింది. వీటిని చూసి మందు పెంచవలసి వస్తుందేమోనన్న సందేహం వల్లనే కారణాలు ఇంత విపులంగా రాశాను. అయితే ఈ మూడు రోజులను తీసేసినా, ఉదయపు బీపీ ఒక్క రోజు కూడా 130 కంటే తక్కువకు రాలేదు, సాయంత్రానికి మాత్రం ప్రతిరోజూ తగ్గుతోంది. ఇది తమరు ప్రత్యేకంగా చూడాలని కోరుతున్నాను.

అడగదలచినవి. టిఫిన్ ఆలస్యమయ్యే రోజున గ్లిమెపిరైడ్ వేసుకోవాలా, తినేటప్పటికి వాయిదా వేయాలా, లేక ఆ మాత్రే మార్చాలా? నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఈ ప్రశ్నే. ఉదయం బీపీ ఎక్కువగా ఉంటున్నందున టెల్మిసార్టన్ వేళ మార్చాలా, మోతాదు మార్చాలా? పరగడుపు షుగర్ చాలావరకు అదుపులోనే ఉన్నా, రాత్రి అన్నం తిన్నప్పుడు 200 దగ్గరకు వెళ్లి, చపాతీలు తిన్న రెండు రాత్రులూ 180 లోపే ఉంది. అన్నం పూర్తిగా మానాలా, ఒక కప్పుకు తగ్గిస్తే చాలునా? వేసవి పొద్దుల్లో ఇంట్లో పఖాళ చేసుకుంటాం, అందులో ఉప్పు, పక్కన వేయించిన ఎండుచేప తప్పవు. దీని విషయంలో తమరు పెట్టే హద్దు ఏమిటో చెప్పగలరు. హెచ్‌బీఏ1సీ చేయించి మూడు నెలలు దాటింది కాబట్టి రేపే రక్తం ఇవ్వడానికి సిద్ధంగా వస్తున్నాను. కళ్ల పరీక్ష గత సంవత్సరం అక్టోబరులో జరిగింది, పాదాల్లో తిమ్మిరి గాని, మానని పుండ్లు గాని లేవు.

గ్లూకోమీటరు, బీపీ యంత్రం, వాడుతున్న స్ట్రిప్‌ల డబ్బా, మాత్రల అట్టలు వెంట తెస్తున్నాను; ఇంటి బీపీ యంత్రాన్ని ఆసుపత్రి యంత్రంతో ఒకసారి పోల్చి చూడవలసిందిగా కోరుతున్నాను.